కాలి సిర గుండె మీద ఏం చేస్తుంది?

మా పెదనాన్నకి బైపాస్ అయిన వారానికి చూడటానికి వెళ్లాను. ఛాతీ మీద కట్టు ఉంటుందని తెలుసు. కానీ ఎడమ కాలికి కూడా, చీలమండ దగ్గర నుంచి మోకాలి పై దాకా కట్టు ఉంది. "గుండెకి ఆపరేషన్ అయితే కాలు ఎందుకు కోశారు పెదనాన్నా?" అని అడిగాను. "కాల్లో నరం తీసి గుండెకి పైపు వేశార్రా. మీ ఇంజినీరింగే. పాత లైను మూసుకుపోతే కొత్త లైను లాగారు, అంతే" అన్నారు నవ్వుతూ.

నాకూ అది సబబుగానే తోచింది. పైపు మూసుకుపోతే పక్క నుంచి ఇంకో పైపు, అంతే కదా! ఆరు నెలలు పోయాక పెద్దమ్మ ఫోన్ చేసి, "మీ పెదనాన్న మాత్రలు మానేశారు. కొత్త పైపు వేశాక ఇంకా మందులెందుకు అంటున్నారు. నువ్వైనా చెప్పు" అంది. ఏం చెప్పాలో నాకు తెలియలేదు. ఎందుకంటే ఆయన వాదనలో తప్పెక్కడుందో నాకే తెలియదు. పాథాలజీలో పీజీ చేస్తున్న మా అక్కని (పెదనాన్న కూతురే) అడిగాను. "ఫోన్లో చెబితే అర్థం కాదు, ఆదివారం రా, స్లైడ్లు చూపిస్తా" అంది. ఆ ఆదివారం చూసిందే ఈ వ్యాసం.

ముందు ఒక్క మాట. మన ఇళ్లలో అన్నిటినీ "నరం" అనేస్తాం గానీ, పెదనాన్న కాల్లోంచి తీసింది నరం కాదు, సిర. గుండె నుంచి రక్తాన్ని బయటికి తీసుకెళ్లేవి ధమనులు, తిరిగి గుండెకి తెచ్చేవి సిరలు, రెండిటికీ మధ్య కణజాలంలో అల్లుకుని ఉండేవి రక్తకేశనాళికలు. ఇది పదో తరగతిలో చదివిందే. పదో తరగతిలో చెప్పనిది ఏంటంటే, ఈ మూడిటి గోడలూ ఒకే సామానుతో కట్టినవి. తేడా అంతా ఏ సామాను ఎంత వాడారన్న దాంట్లోనే ఉంది.

స్లైడ్ మీద మూడు పొరలు

అక్క మొదట పెట్టిన స్లైడ్‌లో ఒక ధమని, దాని పక్కనే ఒక సిర, చుట్టూ కొవ్వు ఉన్నాయి. ధమని గుండ్రంగా, గోడ మందంగా ఉంది. సిర నలిగిన గొట్టంలా చదునుగా పడి ఉంది. గోడ పల్చన, లోపలి ఖాళీ మాత్రం ధమని కంటే పెద్దది.

గోడలో మూడు పొరలు ఉంటాయి. రక్తానికి తగిలే లోపలి పొర ఇంటిమా. దీనికి అస్తరులా ఒకే ఒక్క వరస కణాలు పరుచుకుని ఉంటాయి, వాటిని ఎండోథీలియం అంటారు. మధ్య పొర మీడియా. ఇందులో నునుపు కండరం, సాగే ఎలాస్టిన్, సాగని కొలాజెన్ కలిసి ఉంటాయి. బయటి పొర అడ్వెంటిషియా, ఎక్కువగా కొలాజెన్. ధమనిలో మీడియా మందం. సిరలో మీడియా పల్చన, ఉన్నంతలో అడ్వెంటిషియానే ఎక్కువ. రక్తకేశనాళికలో మీడియా లేదు, అడ్వెంటిషియా కూడా లేదు. ఎండోథీలియం, దాని కింద ఒక పల్చటి పునాది పొర, అక్కడక్కడా గోడని పట్టుకుని ఉండే కొన్ని కణాలు, అంతే.

మామూలు గులాబీ రంగు వేసిన స్లైడ్‌లో ఎలాస్టిన్ సరిగా కనబడదు. అందుకే అక్క అదే ముక్కకి వెర్హాఫ్-వాన్ గీసన్ అనే రంగు వేసిన ఇంకో స్లైడ్ పెట్టింది. ఇందులో ఎలాస్టిన్ నల్లగా, కొలాజెన్ ఎర్రగా, కండరం పసుప్పచ్చగా వస్తాయి. ధమనిలో ఇంటిమాకీ మీడియాకీ మధ్య ఒక నల్లటి గీత, అలలు అలలుగా, చుట్టూ తెగకుండా తిరిగి ఉంది. అదే లోపలి ఎలాస్టిక్ పొర. సిరలో అలాంటి గీత లేదు, చెల్లాచెదురుగా నల్లటి పోగులు మాత్రం ఉన్నాయి.

"ఈ అలలు ఎందుకక్కా?" అన్నాను. "ఒంట్లో ఉండగా అలలు ఉండవురా. లోపల ఒత్తిడి ఉన్నంత సేపూ ఆ పొర బిగుతుగా ఉంటుంది. బయటికి తీశాక ఒత్తిడి పోయి, కండరం ముడుచుకుని, ఆ పొర మడతలు పడుతుంది" అంది. అంటే స్లైడ్ మీద మనం చూసేది గాలి తీసేసిన ట్యూబు. సిర చదునుగా పడి ఉండటం కూడా సగం అందుకే.

థిన్ సిలిండర్ లెక్క

ఇక్కడిదాకా వచ్చాక నాకు స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ క్లాసు గుర్తొచ్చింది. లోపల ఒత్తిడి P, వ్యాసార్ధం r ఉన్న గొట్టం గోడలో, చుట్టూతా లాగే బలం, అంటే ఒక మీటరు పొడవుకి వచ్చే టెన్షన్:

T = P × r

దాన్ని గోడ మందం t తో భాగిస్తే హూప్ స్ట్రెస్:

σ = P × r / t

ఈ గోడలు మన పుస్తకంలో చెప్పినంత పల్చనివి కావు కదా అని మీకు అనుమానం రావచ్చు. లోపలి వ్యాసార్ధం తీసుకుంటే గోడ మొత్తం మీద సగటు స్ట్రెస్ ఈ సూత్రానికి సరిపోతుంది. లోపలి అంచులో ఎంత, బయటి అంచులో ఎంత అని అడిగితేనే ఇది చాలదు. మనకి సగటు చాలు.

ఛాతీలోని మహాధమని వ్యాసార్ధం సుమారు 10 మిల్లీమీటర్లు. సగటు ఒత్తిడి 100 మిల్లీమీటర్ల పాదరసం, అంటే 13.3 కిలోపాస్కల్. టెన్షన్ మీటరుకి 133 న్యూటన్లు. గోడ మందం 2 మిల్లీమీటర్లు అనుకుంటే స్ట్రెస్ దాదాపు 66 కిలోపాస్కల్.

ఇప్పుడు రక్తకేశనాళిక. వ్యాసార్ధం 4 మైక్రోమీటర్లు, ఒత్తిడి 25 మిల్లీమీటర్ల పాదరసం, అంటే 3.3 కిలోపాస్కల్. టెన్షన్ మీటరుకి 0.0133 న్యూటన్. మహాధమనిలో పదివేలో వంతు! గోడ మందం అర మైక్రోమీటరు వేసుకున్నా స్ట్రెస్ 27 కిలోపాస్కల్ దగ్గరే ఆగుతుంది.

చిన్నప్పటి నుంచీ నాకున్న సందేహం ఇక్కడ తీరింది. ఒకే ఒక్క కణం మందం గోడ రక్తం ఒత్తిడికి ఎందుకు పగలదు? ఆ గొట్టం అంత సన్నంగా ఉంది కాబట్టే. ఎర్ర రక్తకణమే వంగి దూరాల్సినంత సన్నం. ఆక్సిజన్, గ్లూకోజ్ అటూ ఇటూ దాటాలంటే గోడ పల్చగా ఉండాలి, పల్చటి గోడ నిలవాలంటే గొట్టం సన్నగా ఉండాలి. రెండు అవసరాలూ ఒకే కొలతలో కుదిరాయి.

మహాధమనిలో నల్లటి గీతలు

టెన్షన్ ఎక్కువైన చోట గోడ మందంగా ఉండాలి, సరే. కానీ మందం ఒక్కటే అయితే మొత్తం కొలాజెన్‌తోనే కట్టేయొచ్చు కదా, ఎలాస్టిన్ ఎందుకు?

అక్క మహాధమని స్లైడ్ పెట్టింది. ఇందాక ధమనిలో నల్లటి గీత ఒక్కటే. ఇక్కడ మీడియా అంతా గీతలే, పుస్తకం పేజీల్ని పక్క నుంచి చూసినట్టు. ఒక ఎలాస్టిన్ పొర, దాని మీద కండరం, కొలాజెన్, మళ్లీ ఎలాస్టిన్ పొర. మనిషి ఛాతీ మహాధమనిలో ఇవి అరవై దాకా ఉంటాయి.

గుండె ఒక్కో కొట్టుకి 70 మిల్లీలీటర్ల రక్తాన్ని తోస్తుంది, తర్వాత కాసేపు ఆగుతుంది. ఆ తోసినప్పుడు మహాధమని సాగి, వచ్చిన దాంట్లో దాదాపు సగాన్ని తనలో పట్టి ఉంచుతుంది. గుండె ఆగిన ఆ కాసేపట్లో తిరిగి ముడుచుకుని దాన్ని ముందుకి పంపుతుంది. ఈసీఈ వాళ్లకి ఒక్క మాటలో చెప్పాలంటే రెక్టిఫయర్ తర్వాత పెట్టే కెపాసిటర్. 1733లో స్టీఫెన్ హేల్స్ దీన్ని ఆనాటి అగ్నిమాపక పంపులకి ఉండే గాలి గదితో పోల్చాడు. 1899లో ఒటో ఫ్రాంక్ దీనికి లెక్క కట్టాడు. కొలాజెన్‌కి ఈ పని చేతకాదు. అది కొంచెం సాగేసరికి బిగుసుకుపోతుంది. అందుకే మామూలు ఒత్తిడిలో బరువు ఎక్కువగా ఎలాస్టిన్ మోస్తుంది, ఒత్తిడి బాగా పెరిగినప్పుడు కొలాజెన్ తాడులా బిగిసి, గోడ ఇంకా సాగకుండా ఆపుతుంది.

1967లో వోలిన్స్కీ, గ్లాగోవ్ అనే ఇద్దరు చిట్టెలుక నుంచి పంది దాకా పది రకాల జంతువుల మహాధమనుల్లో ఈ పొరల్ని లెక్కపెట్టారు. చిట్టెలుకలో ఐదు, పందిలో డెబ్బై దాకా ఉన్నాయి. కానీ మొత్తం టెన్షన్‌ని పొరల సంఖ్యతో భాగిస్తే, ఏ జంతువులోనైనా ఒక్కో పొర వాటాకి మీటరుకి సుమారు 2 న్యూటన్లే వచ్చాయి. మన లెక్క ఒకసారి చూసుకోండి. మనిషికి 133 వచ్చింది. రెండుతో భాగిస్తే 66. స్లైడ్‌లో ఉన్నవి అరవై చిల్లర. నేను కాగితం మీద వేసిన లెక్కకి మైక్రోస్కోప్ దాదాపు అదే జవాబు చెప్పింది. ఆ రోజు నాకు బాగా నచ్చిన క్షణం అదే.

అక్క ఇంకో మాట చెప్పింది. ఈ ఎలాస్టిన్‌లో ఎక్కువ భాగం పుట్టక ముందూ చిన్నతనంలోనూ తయారయ్యేదే. పెద్దయ్యాక పాడైతే అదే క్రమంలో కొత్త పొరలు కట్టడం శరీరానికి కుదరదు. ఈ మాట గుర్తుంచుకోండి, పెదనాన్న దగ్గరికి వచ్చేటప్పుడు కావాలి.

నేను బోల్తాపడ్డ స్లైడ్

తర్వాత అక్క పేరు చెప్పకుండా ఒక స్లైడ్ పెట్టి, "ఇదేంటో చెప్పు" అంది. గోడ మందంగా ఉంది, కండరం బాగా ఉంది, ఆకారం కూడా గుండ్రంగానే ఉంది. "ధమని" అన్నాను ధీమాగా. "కాదు. ఇదే మా నాన్న కాల్లోంచి తీసిన రకం సిర. పేరు సఫీనస్" అంది.

మందం చూసి పేరు చెప్పకూడదన్నది ఆ రోజు నేర్చుకున్నాను. నల్ల రంగు స్లైడ్‌లో చూస్తే తెగని అలల గీత లేదు, విడి పోగులే ఉన్నాయి. కండరం కూడా గుండ్రంగా మాత్రమే కాకుండా, కొన్ని కట్టలు నిలువుగా పరిగెడుతున్నాయి. ఒక చోట లోపలికి సన్నటి రేకు పొడుచుకొచ్చి ఉంది, అది కవాటం. ఇవీ గుర్తులు.

మరి సిరకి అంత కండరం ఎందుకు? మళ్లీ లెక్కే. పడుకున్నప్పుడు ఈ సిరలో ఒత్తిడి 10 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర ఉంటుంది. కదలకుండా నిలబడితే గుండె నుంచి చీలమండ దాకా ఉన్న రక్తం బరువంతా దాని మీద పడుతుంది. రక్తం సాంద్రత 1060, ఎత్తు 1.2 మీటర్లు, ρgh వేస్తే 12.5 కిలోపాస్కల్, అంటే 90 మిల్లీమీటర్ల పైనే. నడిస్తే పిక్క కండరాలు పిండి రక్తాన్ని పైకి తోస్తాయి, కవాటాలు కిందకి జారనివ్వవు, ఒత్తిడి మళ్లీ పడిపోతుంది. మెడలోని సిరకి ఈ బాధ లేదు కాబట్టి దాని గోడ పల్చన. అంటే ధమని, సిర అన్న పేరుని బట్టి గోడ కట్టలేదు, అది మోసే బరువుని బట్టి కట్టింది.

సర్జన్లు ఈ సిరనే ఎంచుకోవడానికి ఇదీ ఒక కారణం. పొడుగ్గా దొరుకుతుంది, చర్మం కిందే ఉంటుంది, గోడ గట్టిది, లోతు సిరలు బాగుంటే ఇది తీసేసినా కాలికి రక్తం పని నడుస్తుంది. 1967లో క్లీవ్‌లాండ్‌లో రెనె ఫవలోరో దీనితో బైపాస్ చేయడం మొదలుపెట్టాక ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. ఒక చివర మహాధమనికి, ఇంకో చివర మూసుకుపోయిన చోటు దాటాక గుండె ధమనికి కుడతారు. కవాటాలు అడ్డుపడకుండా సిరని తలకిందులు చేసి మరీ కుడతారు.

సిరకి ధమని ఉద్యోగం

ఇప్పుడు ఆ సిర పరిస్థితి ఆలోచించండి. వ్యాసార్ధం 2 మిల్లీమీటర్లు, గోడ అర మిల్లీమీటరు అనుకుందాం. పడుకుని ఉన్నప్పుడు కాల్లో దాని స్ట్రెస్ 5 కిలోపాస్కల్. గుండె మీద కుట్టాక 53. పది రెట్లు!

నిలబడ్డప్పుడు దాదాపు ఇంత ఒత్తిడి దానికి అలవాటే కదా అని నేనూ అడ్డు తగిలాను. నిజమే, అందుకే అది మొదటి రోజే పగిలిపోదు. కానీ కాల్లో అది అప్పుడప్పుడే వచ్చి పోయే బరువు, అందులో కొట్టుకోవడం లేదు. ఇక్కడ పడుకున్నా కూర్చున్నా విశ్రాంతి లేదు, నిమిషానికి డెబ్బైసార్లు కుదుపు. పైగా ఆ ఒత్తిడికి సిరలోని కొలాజెన్ అప్పటికే పూర్తిగా బిగిసి ఉంటుంది. పక్కనున్న ధమని ప్రతి కొట్టుకీ కొంచెం సాగి ముడుచుకుంటుంటే, ఇది గట్టి గొట్టంలా ఉండిపోతుంది. తీసి కుట్టేటప్పుడు లోపలి ఎండోథీలియం కూడా కొంత దెబ్బతింటుంది.

గొట్టం ప్రాణం లేనిదైతే కథ ఇక్కడితో అయిపోయేది. ఇది ప్రాణమున్న గొట్టం. స్ట్రెస్ పెరిగిందని కండర కణాలకి తెలుస్తుంది. అవి సంఖ్య పెంచుకుని, మీడియా నుంచి ఇంటిమాలోకి వలస వచ్చి, కొలాజెన్ పోసి గోడని మందం చేస్తాయి. σ = P × r / t లో P తగ్గించడం వాటి చేతుల్లో లేదు, అందుకని t పెంచుతాయి. ఇంజినీరుగా ఇది సరైన నిర్ణయమే. చిక్కు ఏంటంటే ఆ మందం లోపలి వైపుకి పెరిగితే దారి ఇరుకవుతుంది. ఎలాస్టిన్ పొరలు మాత్రం ధమనిలోలా చక్కగా అమరవు, ఇందాక గుర్తుంచుకోమన్నది ఇదే. గోడ మందమవుతుంది గానీ, ధమని మాత్రం అవదు.

అక్క చివరి స్లైడ్ కొన్నేళ్లు గుండె మీద పనిచేసిన ఒక సిరది. నల్లటి పోగులు బయటి వైపుకి నెట్టుకుపోయి ఉన్నాయి. వాటికి లోపల, అసలు సిరలో గీతంత కూడా లేని ఇంటిమా ఇప్పుడు మీడియా కంటే మందంగా ఉంది. దాంట్లో ఒక పక్క కొవ్వు పేరుకున్న తెల్లటి ఖాళీలు. మధ్యలో దారి సగం కూడా లేదు.

సిర బైపాస్ చెడిపోయేది మూడు దశల్లో. మొదటి నెలలో అయితే రక్తం గడ్డకట్టి. ఏడాది లోపు అయితే ఈ ఇంటిమా మందం వల్ల. ఆ తర్వాత అయితే ఆ మందం మీద కొవ్వు చేరి. పదేళ్లకి సిర బైపాస్‌లలో సుమారు సగం నుంచి అరవై శాతం మాత్రమే తెరిచి ఉంటాయి. ఛాతీ లోపలి మామరీ ధమనితో వేసినవి మాత్రం తొంభై శాతం దాకా బాగుంటాయి. ఆ ధమని మీడియాలో ఎలాస్టిక్ పొరలు చాలా ఉంటాయి, లోపలి ఎలాస్టిక్ పొరకి కన్నాలు తక్కువ, కాబట్టి కండర కణాలు ఇంటిమాలోకి దూరడం కష్టం. దాని ఎండోథీలియం కూడా బాగా పనిచేస్తుంది. అందుకే అన్నిటికంటే ముఖ్యమైన గుండె ధమనికి వీలైతే మామరీని వాడి, మిగతావాటికి కాలి సిర వాడతారు. పెదనాన్నకి చేసిందీ అదే. ఒకటి మామరీ, రెండు కాలి సిరలు.

మళ్లీ పెదనాన్న దగ్గరికి

సాయంత్రం పెదనాన్న పక్కన కూర్చుని కాగితం మీద రెండు గుండ్రాలు గీశాను. "పెదనాన్నా, మీకు వేసింది పైపు కాదు. అది బతికుంది. పది రెట్లు బరువు మీద పడేసరికి గోడ మందం చేసుకుంటోంది. కొంచెం మందమైతే మంచిదే, మరీ ఎక్కువైతే దారి మూస్తుంది. మీరు మానేసిన ఆస్పిరిన్ దాంట్లో రక్తం గడ్డకట్టకుండా చూస్తుంది. స్టాటిన్ ఆ గోడలో కొవ్వు చేరడాన్ని తగ్గిస్తుంది. పాత ధమనుల్ని మూసిన జబ్బు ఇంకా మీ ఒంట్లోనే ఉంది, దానికి కొత్తా పాతా తేడా లేదు" అన్నాను.

ఆయన కాగితం చాలా సేపు చూశారు. "అంటే ఆ కాలి సిర, వేరే ఊరు బదిలీ అయిన ఉద్యోగి లాంటిదన్నమాట. ఇంకా కుదురుకోలేదు" అన్నారు. ముప్పై ఏళ్లు రెవెన్యూలో పనిచేసిన మనిషి. నేను గీసిన రెండు గుండ్రాల కంటే ఆ మాటే బాగుంది.

"మరి మాత్రలు?" అంది పెద్దమ్మ గుమ్మం దగ్గర నుంచి.

"రేపు డాక్టర్ దగ్గరికి పోదాం. ఆరు వారాలు మానేశానని ఆయనకి నేనే చెప్తా, మీరెవరూ చెప్పకండి" అన్నారు.

మర్నాడు డాక్టర్ మళ్లీ మొదలుపెట్టించారు. ఇప్పుడు పెదనాన్న మాత్రల డబ్బా మీద నేను గీసిన ఆ రెండు గుండ్రాల కాగితం అంటించి ఉంది.